గేటు నుంచి నెఫ్రాలజీ ఓపీ దాకా: బోర్డులూ గీతలూ చదివే పద్ధతి

ప్రశ్న: మా నాన్నగారికి మూత్రపిండాల సమస్య. జిల్లా ఆసుపత్రి వాళ్లు హైదరాబాదులోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు. పోయినసారి గేటు దగ్గర ఆటో దిగి ఎర్ర గీత వెంట కొంతసేపు, పసుపు గీత వెంట కొంతసేపు తిరిగాం. చివరకు యూరాలజీ వరుసలో గంటన్నర నిలబడ్డాక, మేం వెళ్లాల్సింది నెఫ్రాలజీకని చెప్పారు. ఈసారి చీటీ మీద ‘నెఫ్రాలజీ ఓపీ, బి బ్లాక్, 214’ అని ఉంది. ఆ బోర్డులూ గీతలూ అసలు ఎలా చదవాలి? నాన్నగారు ఎక్కువ దూరం నడవలేరు.

సమాధానం:

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రి భవనాల మరమ్మతు పనులు చూశాను. బోర్డులు రాయించడం, నేల మీద రంగు గీతలు వేయించడం కూడా నా పనే. కాబట్టి ఎక్కడ తప్పు జరుగుతుందో కొంత లోపలి నుంచి చెప్పగలను.

మీరు గేటు దగ్గరే గీత కోసం వెతికారు. చాలామంది చేసే పనే ఇది. రంగు గీతలు మామూలుగా గేటు దగ్గర మొదలుకావు. గేటు నుంచి భవనం దాకా బోర్డులే దారి. భవనంలో ఓపీ చీటీలు రాసే హాలు నుంచి ఆ విభాగం గుమ్మం దాకా గీతలు. గుమ్మం దాటాక గది అంకెలు. ఒకదాని పని అయిపోయిన చోట రెండోది అందుకుంటుంది. బయట రోడ్డు మీద గీత వేస్తే ఆటోల, అంబులెన్సుల చక్రాల కింద ఏడాది తిరక్కుండానే చెరిగిపోతుంది కాబట్టి మేం వేయించేవాళ్లం కాదు. బయట మీకు కనిపించిన గీతల్లో చాలావరకు దారి చూపేవి అయి ఉండవు.

మీ ఎర్ర గీత సంగతి చూద్దాం. గేటు దగ్గరే ఎరుపు కనిపించిందంటే అది అత్యవసర విభాగానిది అయివుంటుంది. బయటి నుంచి వేసే ఒకే ఒక్క గీత సాధారణంగా అదే. లేదా అంబులెన్సు ఆగే చోట ఎవరూ బండి పెట్టకుండా గీసిన ఎర్ర గడి కావచ్చు. ఇక పసుపు. నడకదారి మధ్యలో గరుకుగా, అడుగు కింద తెలిసేలా ఉబ్బెత్తు పలకలు ఉన్నాయా? ఉంటే అవి చూపు లేనివారి కోసం పరిచినవి. పొడవాటి గాట్లున్న పలక ‘ముందుకు నడవండి’ అని చెబుతుంది. గుండ్రటి బొడిపెలున్న పలక ‘ఆగండి, ఇక్కడ మలుపో మెట్లో ఉన్నాయి’ అని చెబుతుంది. అవి ఏ విభాగానికీ దారి కావు. వాటి వెంట నడిచి ప్రహరీ గోడ దాకా వెళ్లి నిలబడ్డవాళ్లను చాలామందిని చూశాను.

ఇంకో రెండు రకాల రంగులు కూడా మనసులోంచి తీసేయండి. తెలుపు మీదో, పచ్చ మీదో పరుగెత్తే మనిషి బొమ్మా, బాణమూ ఉంటే అది నిప్పంటుకున్నప్పుడు బయటపడే దారి. దాని వెంట వెళితే వెనక మెట్ల దగ్గర తేలతారు. వరండాల్లో కనిపించే పసుపు, ఎరుపు, నీలం, తెలుపు చెత్త డబ్బాల రంగులు వ్యర్థాలను వేరు చేయడానికి పెట్టినవి. వాటికీ నేల మీది గీతలకూ సంబంధం లేదు. ‘నీలం డబ్బా దగ్గర తిరగమన్నారు’ అని ఎవరో చెప్పగా విని, నీలం గీత కోసం వెతికిన కుటుంబం ఒకటి నాకు బాగా గుర్తు.

బయలుదేరే ముందే చీటీని ఒకసారి సరిగ్గా చదవండి. మీ తిప్పలకు సగం కారణం అక్కడే ఉంది. నెఫ్రాలజీ, న్యూరాలజీ, యూరాలజీ మూడూ వేర్వేరు విభాగాలు. నెఫ్రాలజీ మూత్రపిండాల జబ్బుకు మందులతో వైద్యం చేసేది. క్రియాటినిన్ పెరిగినవాళ్లను, డయాలసిస్ అవసరమైనవాళ్లను చూసేది అదే. యూరాలజీ రాళ్లు, ప్రోస్టేట్ వంటి వాటికి శస్త్రచికిత్స చేసే విభాగం. న్యూరాలజీ మెదడు, నరాలది. కౌంటరులో ‘కిడ్నీ’ అన్నారంటే అవతలి మనిషి యూరాలజీ వైపు చెయ్యి చూపిస్తాడు, అది అతని తప్పూ కాదు. చీటీ మీది మాటనే అనండి, చీటీ చూపించి మరీ అనండి. డయాలసిస్ గదులు చాలాచోట్ల నెఫ్రాలజీ ఓపీకి దూరంగా, వేరే అంతస్తులో ఉంటాయి. ‘డయాలసిస్’ అన్న బోర్డు కనిపించింది కదా అని అటు తిరగకండి.

బోర్డు మీద ఈ మూడు పేర్లూ పక్కపక్కనే ఉంటే దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. ఇంగ్లీషు అక్షరం ఒక అంగుళం ఎత్తుంటే పాతిక అడుగుల దూరం నుంచి హాయిగా చదవవచ్చన్నది మా పనిలో వాడే లెక్క. తెలుగుకు ఆ లెక్క సరిపోదు. వత్తులు కింద, గుణింతాలు పైన పోను అసలు అక్షరానికి మిగిలే చోటు తక్కువ. పైగా మూడు భాషలు ఒకే పలక మీద పట్టించాలంటే అక్షరాలను కుదించక తప్పదు. ‘న్యూ’కూ ‘నె’కూ తేడా తెలియాలంటే దగ్గరికి వెళ్లాల్సిందే. దూరం నుంచి చదివి ‘ఇదే అయివుంటుంది’ అని నాన్నగారిని నడిపించకండి. ముందు మీరొక్కరే వెళ్లి చదివి రండి.

ఇప్పుడు గేటు. పెద్ద ఆసుపత్రికి ఒక గేటు ఉండదు. ఓపీ గేటు, అత్యవసర విభాగం గేటు, సిబ్బంది బండ్లు వెళ్లే గేటు, మార్చురీ వైపు వెనక గేటు ఉంటాయి. ఆటో డ్రైవరు తన బండి తిప్పుకోవడానికి సులువైన చోట మిమ్మల్ని దింపుతాడు. కాబట్టి ఎక్కేటప్పుడే ‘ఓపీ గేటు’ అని చెప్పండి. నాన్నగారి నడక ఆదా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

గేటు లోపల ఆవరణ పటం ఉన్న పెద్ద బోర్డు ఉంటుంది. దాన్ని చదవడంలో ఒక చిక్కుంది. పటం తరచుగా ఉత్తరం పైకి ఉండేలా గీసి ఉంటుంది. మీరు దక్షిణం వైపు ముఖం పెట్టి నిలబడితే పటంలో కుడివైపు ఉన్నది మీకు ఎడమ చేతికి వస్తుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. మీ పక్కన కళ్లకు కనిపించేది ఏదో ఒకటి ఎంచుకోండి: నీళ్ల ట్యాంకు, మందుల దుకాణం, క్యాంటీను, రావిచెట్టు కింది గుడి. పటంలో దాన్ని వెతకండి. అది మీకు కుడివైపు ఉండి, పటంలో చుక్కకు ఎడమవైపు ఉంటే పటం తలకిందులన్న మాట. ఫోనుతో ఫొటో తీసి, పటంలోని ట్యాంకూ మీ ఎదురుగా ఉన్న ట్యాంకూ ఒకే వైపు వచ్చేదాకా ఫోను తిప్పండి. తిరిగే తెర అయితే దాన్ని కదలకుండా చేసుకోవాలి, లేకపోతే మీరు తిప్పినప్పుడల్లా బొమ్మ మళ్లీ నిలబడుతుంది.

‘మీరు ఇక్కడ ఉన్నారు’ అనే ఎర్రచుక్కను కూడా గుడ్డిగా నమ్మకండి. నేను పనిచేసిన ఒకచోట ఒకే పటాన్ని ఒకేసారి అయిదు పలకల మీద అచ్చు వేయించారు, నాలుగు గేట్లకూ ఓపీ హాలుకూ. చుక్కలు మాత్రం తరవాత అతికించే స్టిక్కర్లు. ఒక వానాకాలం గడిచేసరికి మూడు ఊడిపోయాయి, నాలుగోది ఎవరో వేరే చోట అతికించారు. అందుకే చుక్కకంటే ముందు పైన చెప్పిన గుర్తును చూడమంటున్నాను.

లోపలికి నడవగానే బాణాల బోర్డులు. పై వైపు చూపే బాణం ‘నేరుగా వెళ్లండి’ అని. పై అంతస్తు అని కాదు. మెట్ల బొమ్మో, లిఫ్టు బొమ్మో పక్కన ఉంటేనే అది అంతస్తు. ఒకే బాణం కింద అయిదారు పేర్లు రాసి ఉంటే, మరో బాణం వచ్చేదాకా అన్నీ ఆ మొదటి బాణానివే. ‘బి బ్లాక్’ పక్కన బాణం లేదని కంగారుపడి వదిలేయకుండా, ఆ వరుసలో పైకి వెళ్లి దగ్గరి బాణాన్ని చూడండి.

బోర్డు లేని కూడలి వస్తే ఏం చేయాలి? నేరుగా వెళ్లాలి. మలుపు తిరగాల్సిన చోటే బోర్డు పెట్టాలన్నది ఈ పనిలో పద్ధతి. ఏమీ చెప్పలేదంటే తిరగొద్దని అర్థం. కానీ దీనికి ఒక హద్దు పెట్టుకోండి. వరసగా రెండు కూడళ్లు దాటినా ‘బి బ్లాక్’ అనే మాట మళ్లీ ఎక్కడా కనిపించకపోతే ఒక బోర్డు మీ కళ్ల నుంచి తప్పించుకుంది. దాన్ని చెట్టుకొమ్మ కప్పేసి ఉండవచ్చు, లేదా దాని మీద ఏ రక్తదాన శిబిరం బ్యానరో కట్టి ఉండవచ్చు. ముందుకు వెళ్లి అదృష్టం పరీక్షించుకోకుండా, ఆ మాట చివరిసారి చూసిన బోర్డు దగ్గరికి తిరిగి రండి. వృథా అయ్యేది ఆ కాస్త నడకే.

భవనం పేరు పైన పిట్టగోడ మీద రాసి ఉంటుంది. అది యాభై అడుగుల దూరంలో చక్కగా కనిపించి, పోర్టికో కిందికి వచ్చేసరికి కనిపించకుండా పోతుంది. అందుకే భవనం దగ్గరవుతుండగానే తలెత్తి చదివేయాలి. ఇంకో తంటా ఏమిటంటే ఒకే భవనానికి రెండు మూడు పేర్లుంటాయి. పటంలో ‘బి బ్లాక్’, గోడ మీద దాత పేరు, సిబ్బంది నోట ‘కొత్త బిల్డింగ్’. ఆ కొత్త బిల్డింగ్ కట్టి పాతికేళ్లయి ఉండవచ్చు.

ఆవరణ ఎలాంటిదన్నది కూడా కొంత తేడా చేస్తుంది. ముషీరాబాదులో పాత జైలు స్థలంలో కట్టి, 2003లో గాంధీ ఆసుపత్రిని తరలించిన చోట భవనాలు నిలువుగా లేచాయి. అలాంటి చోట సరైన లిఫ్టు దొరకడమే అసలు పని. అఫ్జల్‌గంజ్‌లో మూసీ పక్కనున్న ఉస్మానియా ఆసుపత్రిలా విస్తరించిన పాత ఆవరణల్లో భవనాల మధ్య నడకే ఎక్కువ. అక్కడ 2020 వానలకు పాత భవనంలోకి నీళ్లు చేరాక వార్డులను ఆవరణలోని ఇతర భవనాలకు మార్చారు. అంతకుముందు వెళ్లొచ్చిన చుట్టం ‘నాకు తెలుసు, ఆ పెద్ద గుమ్మటాల భవనంలోనే’ అంటే నమ్మి వెళ్లినవాళ్లు వెనక్కి రావాల్సిందే. విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలా కొండవాలున ఉన్న చోట ఇంకో గమ్మత్తు: వాలు పైనుంచి వచ్చేవాళ్లు నేరుగా ప్రవేశించే అంతస్తు, కింది నుంచి వచ్చేవాళ్లకు పై అంతస్తు కావచ్చు. అందుకే వాలు మీది భవనంలో లోపలికి అడుగుపెట్టగానే, ఇది ఎన్నో అంతస్తో గోడ మీద చూసుకోవాలి.

ఇప్పుడు గీతల దగ్గరికి వద్దాం. ఓపీ హాల్లో ఒక స్తంభం మీదో, చీటీల కౌంటరు పక్క గోడ మీదో రంగుల పట్టిక ఉంటుంది: ఏ రంగు ఏ విభాగానికో. ముందు దాన్ని వెతకండి. ఎందుకంటే రంగులకు దేశమంతటా ఒకే నియమం ఏమీ లేదు. ఒకచోట నీలం రక్తపరీక్షలకు పోతే, పక్క ఆసుపత్రిలో అదే నీలం కంటి విభాగానికి పోతుంది. పట్టికకు కూడా ఒక ఫొటో తీసుకోండి. గీతలు నాలుగైదు కలిసి జడలా బయలుదేరతాయి, ఒక్కో మలుపు దగ్గర ఒక్కోటి విడిపోతుంది. తెలిసి వేసినచోట ఎడమకు తిరగాల్సిన గీతను కట్టలో ఎడమ అంచున, కుడికి తిరగాల్సినదాన్ని కుడి అంచున వేస్తాం. అలా వేస్తే ఒకదాన్నొకటి దాటవు. మీ గీత ఎడమ చివర ఉంటే మీ మలుపు ఎడమవైపే రావచ్చని ముందే కనిపెట్టుకుని ఉండవచ్చు.

గీతకు ఉన్న పెద్ద లోపం దానికి దిశ లేకపోవడం. బాణం గుర్తులో, పాదాల గుర్తులో వేయించకపోతే, మధ్యలో వచ్చి కలిసినవాడికి అది ఎటు పోతుందో తెలియదు. నేను పనిచేసిన చోట ఒక పెద్దాయన ఎక్స్‌రే గదిలోంచి బయటికి వచ్చి, తన ఆకుపచ్చ గీత కనిపించిందన్న సంతోషంతో దాన్నే పట్టుకుని నడిచి నడిచి మళ్లీ చీటీల కౌంటరు దగ్గరికే చేరాడు. ‘బాబూ, పొద్దున ఇక్కడి నుంచే కదా బయలుదేరాను’ అన్నాడు పాపం. దీనికి ఒక చిట్కా ఉంది, నేలను చూస్తే చాలు. మీరు నడుస్తున్న కొద్దీ పక్కన గీతల సంఖ్య పెరుగుతుంటే మీరు మొదటికి, అంటే హాలు వైపు వెళుతున్నారు. తగ్గుతుంటే మీ విభాగం వైపు వెళుతున్నారు. చివరకు మీ గీత ఒంటరిగా మిగిలిందంటే గుమ్మం దగ్గరలోనే ఉంది.

గీత ఎక్కువగా చెరిగేది మలుపుల దగ్గర. స్ట్రెచరు చక్రాలు తిరిగేది, తడిగుడ్డ గట్టిగా రుద్దేది అక్కడే. మీకు గీత కావలసింది కూడా అక్కడే, మా దౌర్భాగ్యం. మలుపు దగ్గర అది మాయమైతే నిలబడి వెతకకండి. ముందు ఎడమవైపు పది అడుగులు, లేకపోతే కుడివైపు పది అడుగులు, తరవాత ఎదురుగా. గోడ వారగా, బెంచీల కింద కూడా చూడండి, జనం తొక్కని చోట రంగు నిలుస్తుంది. పసుపు దీపాల వెలుతురులో సాయంత్రం పూట రంగులు మారిపోతాయి. నీలం నల్లగా, ఎరుపు గోధుమరంగులో కనిపిస్తుంది. ఎరుపుకూ పచ్చకూ తేడా తెలియని మగవాళ్లు మన ఇళ్లలోనూ ఉంటారు. చాలామందికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. మీలో ఎవరికైనా అలా ఉంటే, రంగు చూసే పని ఇంకొకరికి అప్పగించండి.

కొన్నిసార్లు గీత ఎక్కడికీ పోదు. నేను చూసిన ఒక ఆసుపత్రిలో నీలం గీత నేరుగా వెళ్లి ఒక తెల్లటి గోడను గుద్దుకుని ఆగిపోయేది. ఆ విభాగాన్ని కొత్తగా అద్దాల గదులుగా విడగొట్టారు, గుమ్మం అవతలి వైపు పెట్టారు, గీతను మాత్రం ఎవరూ తుడిచెయ్యలేదు. రంగు పాతబడి మసకగా ఉండీ, పక్కనే అదే విభాగం పేరుతో కొత్త బోర్డు వేరే వైపు చూపిస్తుంటే, కొత్త బోర్డుదే మాట. గీతను వేయించాలంటే నేలంతా ఖాళీ చేయించాలి, బోర్డును ఒక్కరోజులో మార్చవచ్చు. అందుకే మార్పు ముందుగా బోర్డు మీదికే వస్తుంది. ఏ4 కాగితం మీద ప్రింటు తీసి గోడకు అతికించినది ఉంటే అది ఇంకా కొత్తది. అందంగా ఉండదు కానీ, నేను ముందు దాన్నే నమ్ముతాను.

ఇక లిఫ్టు. గీత లిఫ్టు ఎక్కదు కదా, కింద ఒక లిఫ్టు తలుపు దగ్గర ఆగి, పైన అదే లిఫ్టు తలుపు దగ్గర మళ్లీ మొదలవుతుంది. రద్దీగా ఉందని పక్క లిఫ్టో, మెట్లో పట్టుకుని వెళ్లారంటే పైన వరండాకు ఇంకో చివర తేలతారు, అక్కడ గీతే ఉండదు. నడవలేనివారితో వెళ్లేటప్పుడు ఆ లిఫ్టు కోసమే కాస్త ఆగడం మేలు. చక్రాల కుర్చీ మామూలుగా ఓపీ గుమ్మం దగ్గరే దొరుకుతుంది. పైకి వెళ్లాక అడిగితే కిందికి వెళ్లి తెచ్చుకోమంటారు కనుక ముందే అడిగి తీసుకోండి.

మీ చీటీలోని 214 సంగతి. మొదటి అంకె చాలాచోట్ల అంతస్తు. మనకు నేల అంతస్తు లెక్కలోకి రాదు. అంటే రెండో అంతస్తు కింది నుంచి మూడో మట్టం. లిఫ్టులో 2 నొక్కండి. దిగగానే ఎదురుగా ఉన్న రెండు తలుపుల మీది అంకెలు చూడండి. 208, 209 అయితే అంకెలు ఎటు పెరుగుతున్నాయో అటు వెళ్లండి. 208, 210 అని ఒకే గోడ మీద ఉంటే సరి సంఖ్యలు ఇటు, బేసి సంఖ్యలు అటు అన్నమాట. 214 సరి సంఖ్య గనుక అదే గోడ వెంట నడవండి. ఒకవేళ దిగిన చోట 60, 61 వంటి అంకెలు కనిపిస్తే అక్కడ గదులకు అంతస్తుతో సంబంధం లేకుండా వరుస సంఖ్యలు ఇచ్చారని అర్థం. అప్పుడు అంకెతో వెతకడం మానేసి విభాగం పేరు కోసం చూడండి.

మనుషులను అడగడంలో కూడా ఒక తేడా ఉంది. ‘నెఫ్రాలజీకి ఇటేనా?’ అని అడిగితే చాలామంది మర్యాదకు ‘ఆ, ఇటే’ అంటారు. ‘నెఫ్రాలజీ ఓపీ ఎటండీ?’ అని అడిగితే తెలిసినవాళ్లు చెబుతారు, తెలియనివాళ్లు తెలియదంటారు. మీలాగే తిరుగుతున్న ఇతర రోగుల బంధువులను వదిలేసి సిస్టరునో, వార్డుబాయ్‌నో, సహాయ కేంద్రంలో కూర్చున్నవాళ్లనో అడగండి. గేటు దగ్గరి కాపలావాళ్లు ఏజెన్సీల మనుషులు, తరచూ మారిపోతుంటారు. ఆవరణ మొత్తం తెలిసిన కాపలావాడు దొరికితే మీ అదృష్టం.

చివరగా మీ పని ఓపీతో అయిపోదు. డాక్టరుగారు రక్తపరీక్ష రాస్తే మళ్లీ వేరే గీత. చాలామంది ఓపీ గుమ్మం ముందు నిలబడి ఆ రంగు కోసం వెతుకుతారు, అది అక్కడ దొరకదు. గీతలన్నీ ఓపీ హాలు నుంచే కదా బయలుదేరేది. మీ గీత వెంటే వెనక్కి, పక్కన గీతలు పెరిగే వైపు, హాలు దాకా రండి. నాన్నగారిని అక్కడ కూర్చోబెట్టి, ఫొటోలోని పట్టికలో పరీక్షల రంగు చూసి, మీరొక్కరే ముందు వెళ్లి వరుస ఎంత ఉందో చూసి రండి.